అరవై పేజీల చెరువు కట్ట నివేదికను ఒక పేజీ నోట్‌గా కుదించిన విధానం

కలెక్టరు గారికి నేను పంపిన నోట్ రెండుసార్లు ‘చర్చించండి’ అన్న రాతతోనే తిరిగి వచ్చింది. అధ్యాయాలవారీగా కుదించడం, ముగింపును యథాతథంగా ఎత్తి రాయడం, అక్షరాల సైజు తగ్గించడం (ఇది చెప్పుకోవడానికే సిగ్గు) ఫలించలేదు.

మూడోసారి నివేదికను మూసి, ఆయన సంతకం చేయవలసిన వాక్యాన్నే ముందుగా రాశాను: “వర్షాకాలానికి ముందే తూము పునర్నిర్మాణానికి అనుమతి ఇవ్వాలని, అది పూర్తయ్యేవరకు నీటిమట్టాన్ని అలుగుకు ఒక మీటరు దిగువన ఉంచాలని సిఫారసు.” తరువాత నివేదికలోని ఒక్కొక్క అంశాన్ని, అది తప్పని తేలితే ఈ వాక్యం మారుతుందా అని పరీక్షించాను. మట్టి నమూనాల పట్టికలన్నీ అనుబంధానికి వెళ్లాయి. తూము పక్కన ఊట నీరు తేటగా కాక బురదగా వస్తోందన్న పరిశీలన మాత్రం నిలిచింది, ఎందుకంటే అది కట్ట లోపలి మట్టి కొట్టుకుపోతోందనడానికి సూచన. దాని పక్కన నివేదిక పేజీ సంఖ్య వేశాను. ఆపైన, సందుల్లోకి సిమెంటు ద్రవం ఎక్కించే గ్రౌటింగ్‌ను పైపైన చేస్తే ఎందుకు చాలదో, ఆయకట్టు రైతులకు ఎంత నీరు తగ్గుతుందో చెరొక వాక్యంలో చెప్పి, చివర వ్యయం రాశాను.

ఈసారి అనుమతి వచ్చింది. అయితే నివేదికే ఒక నిర్ణయానికి రాని సందర్భాల్లో ఇది పనిచేస్తుందని చెప్పలేను. అక్కడ సిఫారసు ముందు పెడితే లేని నిశ్చయాన్ని చూపినట్టవుతుంది.