పోటీ కంపెనీతో పోలిక పేజీ: నిజం తప్పకుండా, వెటకారం లేకుండా దిద్దడం ఎలా?

విశాఖలో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీల వెబ్‌సైట్ల మాటలు దిద్దడం నా పని. వాటిలో చాలాసార్లు చేతికొచ్చేది పోలిక పేజీ. ఒక వైపు మన సాఫ్ట్‌వేర్, ఇంకో వైపు పోటీవాళ్లది, మధ్యలో పట్టిక. మన గడులన్నీ పచ్చ టిక్కులు, వాళ్ల గడులన్నీ ఎర్ర ఇంటూలు. కొనాలనుకునే దుకాణదారు అప్పటికే ఆ రెండో సాఫ్ట్‌వేర్ ట్రయల్ వాడి ఉంటాడు. మనం "లేదు" అని రాసింది అందులో ఉన్నట్టు తాను చూసి ఉంటాడు. ఒక్క గడి అబద్ధమని తేలితే మిగతా పేజీ కూడా ఇక నమ్మడు.

ఉదాహరణకి దుకాణాల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పేజీ ఒకటి తీసుకుందాం. అంకెలు, పద్ధతి అర్థం కావడానికి కల్పించినవే గానీ దిద్దే తీరు మాత్రం నేను రోజూ చేసేదే.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

పోటీవాళ్ల ధరల పేజీ, వాళ్ల హెల్ప్ పేజీలు, ఒక ట్రయల్ అకౌంట్, రెండు ఫోన్లు, ఒక షీటు. షీటులో నాలుగు నిలువు వరసలు చాలు: ఏం అన్నాం, ఎక్కడ చూశాం, ఏ తేదీన, ఏ ప్లాన్‌లో. స్క్రీన్‌షాట్ తీసిన ప్రతిసారీ తేదీ కనిపించాలి. డ్రాఫ్ట్‌ని కాగితం మీద ప్రింట్ తీసి పెన్సిల్‌తో దిద్దండి. స్క్రీన్ మీద చదివితే ఇంటూ మార్కుల వెనక ఉన్న మాట కనిపించదు.

పోటీదారు ఒక్కరే, వరసలు ఏడు

ఒక పేజీలో ఒక్క పోటీదారుతోనే పోల్చండి. ముగ్గురిని పెడితే ఎవరి గురించీ పూర్తిగా రాయలేరు. వరసలు ఏడు దాటకూడదు. ఏ వరసలు పెట్టాలో మార్కెటింగ్ వాళ్లని కాదు, ఫోన్లు ఎత్తేవాళ్లని అడగండి. పూర్ణా మార్కెట్ హోల్‌సేల్ వ్యాపారి, గాజువాక మెడికల్ షాపు ఆయన కొనేముందు ఏం అడిగారో వాళ్ల నోట్సులో ఉంటుంది. ఆ ప్రశ్నలే వరసలు. మనం గెలిచేవే ఏరి పెట్టడం కుదరదు. మనకి కృత్రిమంగా లాభం వచ్చేలా పోలిక అంశాన్ని ఎంచుకోకూడదని అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమావళిలోనే ఉంది.

అవతలివాళ్ల పేరు రాయకుండా "ఇతర సాఫ్ట్‌వేర్‌లు" అని రాస్తే గొడవ ఉండదని కొందరు సలహా ఇస్తారు. నేను ఒప్పుకోను. పేరు లేకపోతే పోలికని ఎవరూ సరిచూసుకోలేరు, అందుకే ఎవరూ నమ్మరు. 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం కూడా నిజాయితీ గల వ్యాపార పద్ధతికి లోబడి ఇతరుల మార్కును ప్రస్తావించడానికి వీలిస్తుంది. వాళ్ల పేరు చెడగొట్టేలా, లేదా దాన్ని అన్యాయంగా వాడుకునేలా ఉంటేనే చిక్కు. పేరు మామూలు అక్షరాల్లో రాయండి, లోగో జోలికి వెళ్లకండి.

అసలు కష్టం: అవతలి గడిలో "లేదు" అనే మాట

పేజీలు చెడేది ఇక్కడే, కాబట్టి ఇక్కడ నిదానంగా వెళ్లండి.

డ్రాఫ్ట్‌లో ఒక వరస ఇలా ఉందనుకోండి: "నెట్ లేకుండా బిల్లింగ్. మాది: ఉంది. వాళ్లది: లేదు." ఈ వరస ఉండాల్సిందే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తర్వాత రోజుల తరబడి కరెంటు, ఫోన్ సిగ్నల్ లేకుండా గడిపిన ఊరు ఇది. నెట్ పోతే బిల్లు పడుతుందా అని ఇక్కడి దుకాణదారు తప్పకుండా అడుగుతాడు. సమస్య ఆ "లేదు"తోనే. అది ఎవరు చూసి రాశారు? అడిగితే సాధారణంగా వచ్చే జవాబు "వాళ్ల వెబ్‌సైట్‌లో ఎక్కడా రాయలేదండీ" అని. వెబ్‌సైట్‌లో రాయకపోవడం వేరు, సాఫ్ట్‌వేర్‌లో లేకపోవడం వేరు.

కాబట్టి చేసి చూడండి. ట్రయల్ అకౌంట్‌తో ముందు ఒక్క ఫోన్‌లోనే లాగిన్ అవ్వండి. దాన్ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి బిల్లు వేయండి. తర్వాత నెట్ ఆన్ చేసి రెండో ఫోన్‌లోనూ అదే దుకాణంగా లాగిన్ అయ్యి, రెండింటినీ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి రెండింట్లోనూ ఒక్కో బిల్లు వేయండి. ఇప్పుడు నెట్ ఆన్ చేసి బిల్లు నంబర్లు ఏమయ్యాయో చూడండి. మొత్తం వీడియో తీయండి. యాప్ వెర్షన్ నంబరు షీటులో రాసుకోండి.

మన ఉదాహరణలో తేలింది ఇది: ఒక్క ఫోన్‌లో వాడితే వాళ్లది నెట్ లేకున్నా నంబరుతో సహా బిల్లు ఇస్తుంది. రెండో ఫోన్ జోడిస్తే బిల్లు తయారవుతుంది గానీ తుది నంబరు నెట్ వచ్చాకే పడుతుంది. మనది ప్రతి కౌంటర్‌కీ సొంత నంబర్ల సిరీస్ పెడుతుంది కాబట్టి ఎన్ని కౌంటర్లున్నా నంబరు అక్కడికక్కడే వస్తుంది. ఇది చిన్న తేడా కాదు. జీఎస్టీ నిబంధనల ప్రకారం ఇన్‌వాయిస్ నంబర్లు వరస తప్పకూడదు, ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక నంబరు రెండుసార్లు రాకూడదు. ఒకటి కంటే ఎక్కువ సిరీస్‌లు పెట్టుకోవడానికి మాత్రం అనుమతి ఉంది.

ఇప్పుడు ఆ గడులు ఇలా మారతాయి.

వాళ్లది: "ఒక డివైజులో నెట్ లేకున్నా నంబరుతో బిల్లు వస్తుంది. రెండు లేదా ఎక్కువ డివైజులుంటే తుది నంబరు నెట్ వచ్చాక పడుతుంది."

మాది: "ఎన్ని కౌంటర్లున్నా, నెట్ లేకున్నా, ఒక్కో కౌంటర్ సొంత సిరీస్‌లో తుది నంబరుతో బిల్లు ఇస్తుంది."

"లేదు" కంటే ఇది మనకే ఎక్కువ మేలు చేస్తుంది. రెండు కౌంటర్లున్న మెడికల్ షాపు ఆయన ఇది చదివి తన దుకాణంలో ఏం జరుగుతుందో ఊహించుకోగలడు. ఒక్క ఫోన్‌తో నడిపే పాన్ షాపు ఆయనకి తేడా లేదని కూడా ఇందులోనే తెలిసిపోతుంది. ఆయన మనది కొని, తర్వాత డబ్బు వెనక్కి అడిగే పరిస్థితి రాదు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ట్రయల్‌లో కనిపించనిది డబ్బు కట్టే ప్లాన్‌లో ఉండొచ్చు. అందుకని "లేదు" అని రాయబోయే ప్రతి అంశానికీ వాళ్ల సపోర్ట్‌కి మెయిల్ పెట్టి, జవాబు దాచుకోండి. ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు. జవాబు రాకపోతే "లేదు" అని రాయకండి. "వారి ప్రాథమిక ప్లాన్ ట్రయల్‌లో కనిపించలేదు" అని తేదీతో రాయండి. మీరు చూసింది అంతవరకే.

రెండోది, వెటకారం. తిట్లు ఎవరూ రాయరు, అది చిన్న మాటల్లో దూరుతుంది. "కనీసం బార్‌కోడ్ కూడా లేదు", "కేవలం మూడు డివైజులే", "క్లౌడ్ ఉందని చెప్పుకుంటారు", "ఇంకా పాత పద్ధతిలోనే". పెన్సిల్‌తో కనీసం, కూడా, కేవలం, ఇంకా, చెప్పుకుంటారు అన్నవి కొట్టేయండి. "మూడు డివైజుల వరకు" అని మిగులుతుంది. సమాచారం ఏమీ పోలేదు, దెప్పడం పోయింది. దిద్దాక ఆ గడిని పోటీ కంపెనీ సేల్స్ కుర్రాడు చదువుతున్నట్టు ఊహించుకోండి. నచ్చకపోయినా "అవును, మాది ఇలాగే పనిచేస్తుంది" అని అతను ఒప్పుకోవాలి. ఒప్పుకోలేడు అనిపిస్తే గడి ఇంకా సిద్ధం కాలేదు.

ఇది మర్యాద కోసమే కాదు. ఉజాలా ప్రకటన మీద రాబిన్ బ్లూ కంపెనీ వేసిన కేసులో 1999లో కలకత్తా హైకోర్టు చెప్పిన సూత్రాలు నేటికీ ఇలాంటి తగాదాల్లో ప్రస్తావిస్తారు. మన సరుకు అందరికంటే మేలని చెప్పుకోవచ్చు, పోల్చుకోవచ్చు. అవతలివాళ్ల సరుకు చెడ్డదని మాత్రం చెప్పకూడదు.

ధర వరస

డ్రాఫ్ట్‌లో మనది 6,000 అని, వాళ్లది ఏడాదికి 4,248 అని ఉంది. వాళ్ల అంకెలో 18 శాతం జీఎస్టీ కలిసి ఉంది, మన దాంట్లో లేదు. రెండూ పన్ను లేకుండా రాస్తే మనది మొదటి ఏడాది 6,000, తర్వాత ఏడాదికి 1,800. వాళ్లది ప్రతి ఏడాదీ 3,600. రెండేళ్లకి మనది 7,800, వాళ్లది 7,200. మూడేళ్లకి మనది 9,600, వాళ్లది 10,800. కాబట్టి "మాదే చవక" అని రాయలేం. "మొత్తం ఖర్చు చూస్తే మొదటి రెండేళ్లూ వాళ్లది తక్కువ, మూడో ఏడాది నుంచి మాది తక్కువ" అని రాయాలి. మన డబ్బుతో వాళ్లని పొగడాలా అని కంపెనీ యజమాని అడుగుతారు. కొత్తగా దుకాణం తెరిచి, ఏడాదిలో నడుస్తుందో లేదో తెలియని మనిషి మన కస్టమర్ కాదని నేను ఆయనకి చెబుతాను. పదేళ్లుగా డాబాగార్డెన్స్‌లో వ్యాపారం చేస్తున్న మనిషికి మూడో ఏడాది లెక్కే కావాలి.

మొగ్గు చూపించాల్సిన చోటు

మన పక్షాన రాయడం గడుల్లో కాదు, పట్టిక కింద రాసే రెండు పేరాల్లో. మొదటి పేరాలో ఎవరు వాళ్లది కొనాలో చెప్పండి: ఒక్క ఫోన్, కొత్త వ్యాపారం, మొదట్లో తక్కువ ఖర్చు. రెండో పేరాలో మనది ఎవరికో చెప్పండి, అక్కడ మొహమాటపడకండి. రెండు కౌంటర్లు, నెట్ పోయినా ఆగకూడని బిల్లింగ్, ఏళ్ల తరబడి వాడే ఉద్దేశం. ఈ పేరా మొదటిదానికంటే రెట్టింపు పొడవుండొచ్చు. ఎందుకంటే పేజీ మనది, మన సాఫ్ట్‌వేర్ గురించి మనకి ఎక్కువ తెలుసు. వాళ్లు గెలిచే వరసని పట్టిక అడుగున దాచకుండా మూడో వరసలో పెట్టండి.

పెట్టేశాక

పట్టిక పైన "ఈ వివరాలు ఫలానా తేదీన సరిచూశాం" అని, వాళ్ల ధరల పేజీకి లింకు ఇవ్వండి. మూడు నెలలకోసారి షీటు తెరిచి ఫ్లైట్ మోడ్ పరీక్షతో సహా మళ్లీ చూడండి. వాళ్లు కొత్త వెర్షన్ తెచ్చి నంబర్ల సమస్య సరిచేస్తే ఆ గడి అదే రోజు మారాలి. వాళ్ల నుంచి సవరణ కోరుతూ మెయిల్ వస్తే ముందు ఆ వరసని పేజీ నుంచి తీసేయండి, తర్వాత పరీక్ష చేయండి, తేలినదాన్ని కొత్త తేదీతో తిరిగి పెట్టి వాళ్లకి జవాబివ్వండి.