పాత అప్పు పుస్తకాలు ఫోటోలు తీసి బాకీలు తేల్చడం ఎలా?

ప్రకాశం జిల్లాలో టంగుటూరు చుట్టుపక్కల పొగాకు పండే ఊళ్లలో కిరాణా కొట్టు అప్పు నెల నెలా తీరేది కాదు. నాట్లప్పుడు మొదలైన అరువు, పొగాకు ఆకు కాల్చే బ్యారన్లు మండే రోజులకు పెరుగుతుంది. వేలం కేంద్రంలో బేళ్లు అమ్ముడై డబ్బు చేతికొచ్చాక తీరుతుంది. అలాంటి ఒక ఊళ్లో చాలా ఏళ్లు కొట్టు నడిపిన పెద్దాయనకు చూపు మందగించింది. కొడుకు కొట్టు చూసుకోవడం మొదలుపెట్టి, అటక మీది పుస్తకాలన్నీ దించి, ఫోన్‌లో ఫోటోలు తీసి, ఎవరి దగ్గర ఎంత రావాలో జాబితా వేశాడు. అందులో ఒక కౌలు రైతు పేరున 5,460 రూపాయలు తేలింది. ఆ రైతు ఇప్పుడు లేడు, ఆయన కొడుకు ఒంగోలులో పనిచేసుకుంటున్నాడు. ఇతను ఫోన్ చేసి అడగబోయాడు కూడా. కానీ ఆ బాకీ 2012లోనే తీరిపోయింది. అది పుస్తకాల్లోనే ఉంది, జాబితాలోకి మాత్రం రాలేదు. ఎందుకు రాలేదో తెలిస్తే మీ ఇంట్లో పుస్తకాలు ఎలా ఫోటో తీయాలో, ఎలా చదవాలో తెలిసినట్టే.

ముందు ఏ పుస్తకం దేనికో కనుక్కోండి

ఫోన్ బయటికి తీయకముందే పుస్తకాలు రాసిన మనిషి పక్కన కూర్చోండి. కొట్లలో సాధారణంగా రెండు రకాల పుస్తకాలుంటాయి. చిట్టాలో ఆ రోజు జరిగింది జరిగినట్టు వరసగా రాస్తారు. ఆవర్జాలో మనిషికో పుట ఇచ్చి, చిట్టాలోని పద్దులు అక్కడికి ఎక్కిస్తారు. బాకీ జాబితా వేసేవాళ్లు చాలామంది ఆవర్జా ఒక్కటే చూస్తారు, ఎందుకంటే పేరు, మొత్తం అక్కడే ఉంటాయి. కానీ డబ్బు వచ్చిన రోజు ముందుగా రాసేది చిట్టాలో. ఆవర్జాకు ఎక్కించడం మర్చిపోతే బాకీ అలాగే నిలబడి కనిపిస్తుంది.

ఇవి కాక చాలా కొట్లలో యజమాని తన వీలుకోసం పెట్టుకున్న పుస్తకం ఒకటి ఉంటుంది. దాని గురించి అడిగితే తప్ప చెప్పరు. మన పెద్దాయన దగ్గర అది జేబులో పట్టేంత నోటుబుక్కు. ఉగాదికి కొత్త ఆవర్జా తెరిచేవాడు. 2012లో ఉగాది మార్చి 23న వచ్చింది, అంటే పొగాకు అమ్మకాలు ఇంకా నడుస్తుండగానే. రైతుల డబ్బు వచ్చేది వేసవిలో. అప్పటికి పాత పుస్తకం మూసేశాడు, కొత్త దాంట్లోకి పాత బాకీలు ఎక్కించడం ఇష్టం లేదు. అందుకని పొగాకు రైతుల వసూళ్లకు విడిగా ఆ చిన్న బుక్కు పెట్టుకున్నాడు. శ్రావణ మాసం వచ్చేసరికి ఇంకా మిగిలిన వాటిని మాత్రమే కొత్త ఆవర్జాలో "వెనకటి బాకీ" అని రాసేవాడు. కొడుకుకు ఈ సంగతి తెలియదు. చిన్న బుక్కును సిగరెట్ ఏజెంటు లెక్కలనుకుని పక్కన పడేశాడు.

కాబట్టి పెద్దవాళ్లను అడగాల్సినవి మూడు. కొత్త పుస్తకం ఏ రోజున తెరిచేవారు? పాత బాకీని ఎప్పుడు, ఎలా కొత్తదాంట్లోకి తెచ్చేవారు? పొట్టి గుర్తులకు అర్థం ఏమిటి? ఈ మూడో దానికి జవాబులు ఒక కాగితం మీద రాసి, అన్నిటికంటే ముందు ఆ కాగితాన్నే ఫోటో తీసి పెట్టుకోండి. ఈయన పుస్తకాల్లో "జ" అంటే జమ, "మా" అంటే మారుఫతు, అంటే ఫలానా వారి చేతి ద్వారా వచ్చిందని, "ము" అంటే ముదరా, అంటే లెక్క తేల్చేటప్పుడు వదిలేసిన చిల్లర.

ఫోటో తీసేటప్పుడు

పగటి వెలుతురు చాలు. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన బల్ల వేసుకోండి. ఫ్లాష్ వద్దు, బాల్‌పెన్ రాత మీద మెరుపు పడి అంకెలు పోతాయి. ఒకే ఎత్తున్న రెండు నూనె డబ్బాల మీద చెక్క వేసి, కెమెరా చెక్క అంచు దాటి కిందికి చూసేలా ఫోన్ పెట్టి టైమర్‌తో తీస్తే చేతి వణుకు, చేతి నీడ రెండూ ఉండవు. పొడుగాటి ఖాతా పుస్తకాలకు ఒక్కో పుట విడిగా తీయండి. మధ్య కుట్టు దగ్గర కాగితం వంగి చివరి అంకె లోపలికి పోతుంది, ఆ అంచును గాజు పలకతోనో స్కేలుతోనో నొక్కిపట్టాలి. స్కేలు రాత మీద పడకుండా చూసుకోండి.

అట్ట, అట్ట లోపలి వైపు, ఖాళీ పుటలు, అన్నీ తీయాలి. ఖాళీ పుట వదిలేస్తే తర్వాత అది ఖాళీయా, మీరు తీయడం మర్చిపోయారా అన్నది తేలదు. మధ్యలో చీటీలుంటే ఉన్న చోటనే ఒక ఫోటో, ఎత్తాక చీటీకి రెండు వైపులా ఒక్కోటి, కింది పుటకు ఇంకోటి తీసి, చీటీని అదే పుటలో పెట్టేయండి. ఏ పుట మధ్య ఉందన్నదే చాలాసార్లు ఆ చీటీ ఎవరిదో చెబుతుంది. ఫైలు పేరు `2011-A-083.jpg` లాగా ఉంటే సరిపోతుంది: పుస్తకం తెరిచిన సంవత్సరం, ఏ పుస్తకమో ఒక అక్షరం, పుట సంఖ్య.

అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త రంగు గురించి. స్కానర్ యాప్‌లు కాగితాన్ని తెల్లగా, రాతను నల్లగా మార్చి నీట్‌గా చూపిస్తాయి. చూడటానికి బాగుంటుంది. కానీ లేత పెన్సిల్ రాతను అవి మరకే అనుకుని తుడిచేస్తాయి. మన అబ్బాయి మొదట అలాగే తీశాడు. రైతు పుటలో కింద మూలన నాయన పెన్సిల్‌తో రాసుకున్న "31 చూ" అన్నది ఆ ఫోటోలో లేదు. మామూలు కెమెరాతో రంగుల్లో మళ్లీ తీసినప్పుడు కనిపించింది. పెన్సిల్ మరీ చెరిగిపోతే ఇంకో ఉపాయం ఉంది. గదిలో లైట్లు ఆపి, టార్చిని కాగితానికి దాదాపు ఆనించి పక్క నుంచి వెయ్యండి. రాత పోయినా పెన్సిల్ మొన నొక్కిన గాడి నీడగా తేలుతుంది. ఆ వెలుతురులో ఒకటి, మామూలు వెలుతురులో ఒకటి, రెండు ఫోటోలూ ఉంచుకోండి.

ఒక పద్దు చదువుదాం

2011 ఉగాదికి తెరిచిన ఆవర్జా, 83వ పుట. పైన వెనకటి బాకీ 2,150. తర్వాత నవంబరు నుంచి సరుకులు: 640, 815, 1,120, 475, 1,260. ఇవి కలిపితే 4,310, పై బాకీతో 6,460. సంక్రాంతికి జమ 1,000. మిగిలింది 5,460. పుట అక్కడితో ఆగింది. చెల్లు అన్న మాట లేదు, అడ్డగీత లేదు. ఈ పుట ఒక్కటే చూస్తే ఎవరైనా బాకీ ఉందనే అంటారు.

"31 చూ" పట్టుకుని అబ్బాయి ఆవర్జాలో 31వ పుట తీస్తే అక్కడ వేరే మనిషి పద్దు. చిట్టాలో 31వ పుట చూస్తే ఉగాది సరుకుల లెక్క. నాయనను అడిగితే చిన్న బుక్కు సంగతి అప్పుడు బయటపడింది. దాని 31వ పుటలో రైతు పేరున మే 11న జమ 3,000 ఉంది. సంతోషమే, కానీ ఇంకా 2,460 తేలాలి. 2,460 అన్న అంకె బుక్కంతా వెతికినా లేదు.

ఇక్కడే చాలామంది ఆగిపోయి, మిగతాది బాకీ అని రాసేస్తారు. మొత్తంతో కాకుండా తేదీలతో వెతకాలి. వేలం డబ్బులు వచ్చే రోజుల్లో, అంటే మే, జూన్ నెలల్లో, ప్రతి జమను పేరుతో పని లేకుండా వరసగా చదవాలి. అదే పుటలో జూన్ 2న వేరే పేరు కింద 2,400 జమ ఉంది. పక్కన "మా. బావమరిది", ఆ పక్కన "ము 60".

"2,400 ఎట్టా సరిపోద్ది నాయనా? అరవై తగ్గుద్దిగా" అన్నాడు కొడుకు.

"ముదరా రా అది. లెక్క తేలే రోజున చిల్లర పట్టుకుని ఏలాడతామా? ఆయన బావమరిది తెచ్చిచ్చుంటాడు, ఆ పేరు మీదే రాసుంటా."

3,000, 2,400, 60. మొత్తం 5,460.

అంకెలు కుదిరాయని అంతటితో వదలకూడదు. అదే రోజు ఆ బావమరిది తన బాకీ తాను కట్టుకున్నా కట్టుకోవచ్చు కదా. అందుకని రెండో ఆధారం చూడాలి, అది తర్వాతి ఏడాది పుస్తకంలో ఉంటుంది. 2012 ఆవర్జాలో ఈ రైతు పుట అక్టోబరులో మొదలైంది. మొదటి వరసలో కందిపప్పు, నూనె. వెనకటి బాకీ లేదు. పక్క పుటలోని రైతుకు మాత్రం పైనే "వెనకటి బాకీ 1,900" అని ఉంది. బావమరిదికి 2011 ఆవర్జాలోనూ, ఈ ఆవర్జాలోనూ అసలు పుటే లేదు, అంటే ఆయనకు ఆ కొట్లో అరువు లేదు. ఇక అనుమానానికి చోటు లేదు.

ఇలా చూశాక అబ్బాయి జాబితా మొత్తం మళ్లీ తిరగేశాడు. ఒక బాకీ తర్వాతి ఏడాది పుస్తకంలోకి రాకపోతే దాన్ని "రావాలి" అని కాకుండా "చూడాలి" అని వేరే వరసలో పెట్టాడు. మీరూ మొదటి నుంచే ఈ రెండు వరసలు పెట్టుకోండి. పుట చిరిగిపోయి, పుస్తకం చెదలు తినేసి, తర్వాతి ఏడాది పుస్తకమే దొరకకపోతే ఆ పద్దు ఎప్పటికీ "చూడాలి"లోనే ఉంటుంది. దాన్ని ఎవరినీ అడగలేరు.

అడిగే హక్కు ఎంతవరకు

1963 కాలపరిమితి చట్టం ప్రకారం అరువుకిచ్చిన సరుకు డబ్బుకు దావా వేసే గడువు సాధారణంగా మూడేళ్లు. ఆ లోపు బాకీదారు బాకీ ఉన్నట్టు ఒప్పుకుంటూ రాసి సంతకం పెడితే ఆ రోజు నుంచి కొత్త గడువు నడుస్తుంది. పైగా మన పుస్తకంలో మనం రాసుకున్న రాత ఒక్కదాన్నే చూపించి ఎదుటివారిని బాకీదారుగా నిలబెట్టలేం, భారతీయ సాక్ష్య అధినియమంలోని 28వ సెక్షన్ ఆ సంగతే చెబుతుంది. పదేళ్లు దాటిన పద్దు మీద గట్టిగా అడగడానికి ఏమీ ఉండదు, గుర్తు చేయడం వరకే. ఫోటోలు తీశాం కదా అని అసలు పుస్తకాలు పాతకాగితాల వాడికి వేయకండి. తగాదా వస్తే చూపించాల్సింది అసలే.

తీరిన పద్దును మూసేయడం

పాత రాతను దిద్దకూడదు, దాని మీద గీతలు కొట్టకూడదు. 83వ పుట కింద ఖాళీ చోట వేరే రంగు పెన్నుతో, ఇవాళ్టి తేదీ వేసి, "చిన్న బుక్కు 31లో రెండు జమలు, ముదరా 60, చెల్లు" అని రాసి నాయన చేత సంతకం పెట్టించాడు. చిన్న బుక్కులో జూన్ 2 వరస పక్కన కూడా "83కు" అని రాశాడు. తర్వాత ఆ రెండు పుటలూ మళ్లీ ఫోటో తీశాడు. ముందు తీసిన ఫోటోలు చెరపలేదు, ఏది అప్పటి రాతో ఏది ఇప్పటిదో అవే చెబుతాయి.

ఒంగోలు అబ్బాయికి ఫోన్ మాత్రం చేశాడు, బాకీ లేదని చెప్పడానికి. అవతలి నుంచి వెంటనే, "ఆ పేజీ ఫోటో పంపుతావా అన్నా? కట్టేశామని మా అమ్మ అంటానే ఉంది, చూపిస్తాను" అన్నాడు. 31వ పుటలో ఇంకా చాలామంది జమలున్నాయి. కాబట్టి పంపేముందు మిగతా వరసల మీద తెల్ల కాగితం పట్టీలు పరిచి కొత్తగా ఫోటో తీయాలి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే సైజు తగ్గి పెన్సిల్ రాత మసకబారుతుంది, డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్టు చేరుతుంది.