కోర్టు ధిక్కారం ప్రశ్నలు – మూడో పాఠం: ఒకే కథలో రెండు ధిక్కారాలు

గత పాఠంలో 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం సెక్షన్ 2లోని నిర్వచనాలు చదువుకున్నాం. కోర్టు ఇచ్చిన ఉత్తర్వును గానీ, కోర్టుకు ఇచ్చిన హామీని గానీ కావాలని ఉల్లంఘిస్తే సివిల్ ధిక్కారం. కోర్టు ప్రతిష్ఠను దిగజార్చే మాట లేదా రాత, నడుస్తున్న కేసును దెబ్బతీసే ప్రచురణ, న్యాయపాలనకు అడ్డుపడే పని క్రిమినల్ ధిక్కారం. ఈ నిర్వచనాలు నోటికి వచ్చినవాళ్లు కూడా పరీక్షలో సమస్య రూపంలో ప్రశ్న రాగానే తడబడతారు. అసలు కేసుల్లో రెండూ ఒకే కథలో కలిసి వస్తాయి. పైగా ఒకదానికి పనికొచ్చే డిఫెన్సు రెండోదానికి పనికిరాదు. అందుకే ఈ పాఠమంతా ఒకే కల్పిత సమస్య మీద నడుపుతున్నాను.

చెరువు గట్టు పక్కన ఉన్న పన్నెండు షాపులను విచారణ ముగిసే దాకా కూల్చవద్దని హైకోర్టు మార్చి 3న మున్సిపల్ కమిషనర్‌కు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. మార్చి 5న దాని కాపీ కమిషనర్ ఆఫీసు ఇన్‌వార్డులో నమోదైంది. మార్చి 8 ఉదయం కమిషనర్ స్వయంగా జేసీబీతో వచ్చారు. షాపుల వాళ్ల వకీలు హైకోర్టు వెబ్‌సైట్ నుంచి దించిన ఉత్తర్వును ఫోన్‌లో చూపించారు. "సర్టిఫైడ్ కాపీ తెండి, అప్పుడు చూద్దాం" అని కమిషనర్ నాలుగు షాపులు కూల్పించారు. ఆ సాయంత్రం వ్యాపారుల సంఘం నాయకుడు యూట్యూబ్ ఛానల్లో మాట్లాడుతూ, "జడ్జిగారికి కమిషనర్ డబ్బు ముట్టింది, అందుకే కేసును నెల రోజులు వాయిదా వేశారు" అన్నాడు. ఊళ్లోని వారపత్రిక ఒకటి కోర్టులో ఇరు పక్షాల వాదనలను ఉన్నదున్నట్టు అచ్చువేసింది. ఎవరెవరు ధిక్కారానికి బాధ్యులు?

ముందుగా ప్రతి మనిషినీ విడిగా తీసుకోండి. "ఈ కథలో ఏ ధిక్కారం ఉంది?" అని మొత్తంగా అడిగితే జవాబు చిక్కుపడుతుంది. ఒక్కొక్కరి గురించి ఒకే మాట అడగండి: ఇతన్ని కట్టడి చేసే ఉత్తర్వు గానీ, ఇతను కోర్టుకు ఇచ్చిన హామీ గానీ ఉందా? ఉంటే, తప్పు దాన్ని దాటడమే అయితే, సివిల్ వైపు వెళ్లండి. అలాంటి ఉత్తర్వేదీ లేకుండా మాట వల్లో చేత వల్లో కోర్టుకే నష్టం జరిగితే క్రిమినల్ వైపు వెళ్లండి. ఇక్కడ కమిషనర్ పేరు మీద ఉత్తర్వు ఉంది. నాయకుడి మీద, పత్రిక మీద లేదు.

కమిషనర్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మార్కులన్నీ అక్కడే ఉన్నాయి. ఉత్తర్వును దాటారన్నది కళ్లముందే ఉంది. తేల్చాల్సింది అది ఉద్దేశపూర్వకమా అన్నది ఒక్కటే. ధిక్కార విచారణ సగం క్రిమినల్ విచారణ లాంటిది కాబట్టి గట్టి రుజువు కావాలి, సందేహం ఉంటే అది కమిషనర్‌కే లాభం. ఇన్‌వార్డు ముద్ర ఒక్కదానితో పని పూర్తవదు. కాగితం ఆఫీసుకు చేరినంత మాత్రాన అది ఆ అధికారి కంటపడిందని ఖాయంగా చెప్పలేం. మార్చి 5 తర్వాత ఆయన సంతకం చేసిన నోట్ ఫైలులో ఈ ఉత్తర్వు ప్రస్తావన ఉందా అని చూడాలి. మన కథలో అంత దూరం పోనక్కర్లేదు. వకీలు ఫోన్‌లో చూపించిన క్షణానే ఆయనకు విషయం తెలిసిపోయింది. సర్టిఫైడ్ కాపీ అందలేదన్నది డిఫెన్సు కాదు, ఉత్తర్వు ఉన్నట్టు తెలిస్తే చాలు. నిజంగా అనుమానం ఉంటే పని ఆపి ప్రభుత్వ ప్లీడర్‌కు ఫోన్ చేసి ఉండాల్సింది. ఆ చిన్న పని చేయకపోవడమే ఉద్దేశాన్ని బయటపెడుతుంది.

ఇక కౌంటర్ అఫిడవిట్‌లో కమిషనర్ ఏమేం రాస్తారో ఊహించండి. "షాపులు ఎలాగూ అక్రమ కట్టడాలు" అంటారు. అది అసలు రిట్ పిటిషన్‌లో తేలాల్సిన విషయం, ధిక్కారానికి జవాబు కాదు. "ఉత్తర్వే తప్పు" అంటారు. తప్పు ఉత్తర్వునైనా పై కోర్టు పక్కన పెట్టేదాకా పాటించాల్సిందే. చివరికి కోర్టుకు అధికార పరిధే లేదని తేలినా, అది తేలకముందు అమల్లో ఉన్న మధ్యంతర ఉత్తర్వును ఉల్లంఘించినందుకు శిక్షించవచ్చని 1997లో తయ్యబ్‌భాయ్ బగసర్‌వాలా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. "స్టే వెకేట్ చేయమని పిటిషన్ వేశాం" అనేది అన్నిటికంటే తరచుగా వినిపించే మాట. పిటిషన్ వేయడం వేరు, కోర్టు దానిమీద ఉత్తర్వు ఇవ్వడం వేరు. అప్పీలు పెండింగ్‌లో ఉన్నంత మాత్రాన స్టే ఉన్నట్టు కాదు.

మరి సివిల్ ధిక్కారంలో నిలబడే డిఫెన్సులు ఏవి? విషయం తెలియదన్నది, పాటించడం తన చేతుల్లో లేకపోయిందన్నది, ఉత్తర్వు మాటలు రెండు రకాలుగా అర్థమవుతున్నాయన్నది. మూడోదాన్ని మన కథలోనే పరీక్షిద్దాం. ఉత్తర్వులో "చట్టప్రకారం తప్ప కూల్చవద్దు" అని ఉందనుకోండి. కమిషనర్ మున్సిపల్ చట్టం కింద నోటీసు ఇచ్చి, జవాబు తీసుకుని, లిఖితపూర్వకంగా కారణాలు చెప్పి, ఆ తర్వాత కూల్చారనుకోండి. ఆ నోటీసులో లోపాలుంటే వాటి మీద మళ్లీ కేసు వేయొచ్చు గానీ, ఉద్దేశపూర్వక ఉల్లంఘన అనడం కష్టం. ఒక్క మాట మారితే జవాబు తలకిందులవుతుంది. అందుకే ప్రశ్నలో ఉత్తర్వు మాటలు ఇచ్చిన చోట పెన్సిల్‌తో గీత పెట్టుకోమంటాను.

చాలామంది కమిషనర్ జవాబులో చివర "బేషరతు క్షమాపణ చెబితే బయటపడతాడు" అని రాస్తారు. సెక్షన్ 12 ప్రకారం క్షమాపణ డిఫెన్సు కాదు. ధిక్కారం జరిగిందని ఒప్పుకున్నాక శిక్ష తప్పించడానికో తగ్గించడానికో ఉన్న దారి అది. అదైనా కోర్టుకు నమ్మకం కలిగిస్తేనే. గుంటూరు జిల్లాలో ఒక తహసీల్దార్ హైకోర్టు 2013 డిసెంబరులో వద్దన్నా మరుసటి నెలలో గుడిసెలు కూల్పించిన కేసు 2025లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అప్పటికి ఆ అధికారి డిప్యూటీ కలెక్టర్ అయ్యారు. హైకోర్టు వేసిన రెండు నెలల జైలు బదులు సుప్రీంకోర్టు ఆయన్ని తిరిగి తహసీల్దార్ స్థాయికి దించి, లక్ష రూపాయల జరిమానా వేసింది. చట్టంలో రాసి ఉన్న గరిష్ఠ శిక్ష ఆరు నెలల సాధారణ జైలు, రెండు వేల జరిమానా మాత్రమే. సివిల్ ధిక్కారంలో మామూలుగా జరిమానాతో సరిపెట్టాలని కూడా అదే సెక్షన్ చెబుతుంది. హైకోర్టు హెచ్చరించాక కూడా కూల్చడం వల్లే కోర్టు అంత దూరం వెళ్లింది.

ఇప్పుడు సంఘం నాయకుడు. అతని మీద ఏ ఉత్తర్వూ లేదు కాబట్టి సివిల్ ధిక్కారం ప్రసక్తే లేదు. జడ్జి డబ్బు తీసుకున్నాడనడం కోర్టు మీద బురద చల్లడమే, క్రిమినల్ ధిక్కారం నిర్వచనంలో మొదటి రకం. డిఫెన్సులు వరసగా చూద్దాం. సెక్షన్ 5 న్యాయమైన విమర్శను కాపాడుతుంది, కానీ అది విచారణ ముగిసి అంతిమంగా తేలిన కేసు మంచిచెడ్డల మీద. ఇక్కడ కేసు నడుస్తూనే ఉంది. పైగా వాయిదా వేయడం తప్పని చెప్పడం విమర్శ, లంచం తిన్నాడనడం ఆరోపణ. సెక్షన్ 6 కింద సద్బుద్ధితో ఫిర్యాదు చేసుకోవచ్చు గానీ అది కింది కోర్టుల అధికారుల గురించి, అదీ హైకోర్టుకో మరో కింది కోర్టుకో చేసినప్పుడు. హైకోర్టు జడ్జి గురించి యూట్యూబ్‌లో మాట్లాడితే ఆ సెక్షన్ నీడ కూడా పడదు.

మిగిలింది సత్యం. 2006 సవరణ తర్వాత సెక్షన్ 13 కింద, చెప్పింది నిజమైతే, ప్రజాహితం కోసమైతే, ఆ డిఫెన్సు కోరడం సద్బుద్ధితోనైతే కోర్టు దాన్ని చెల్లుబాటయ్యే డిఫెన్సుగా అనుమతించవచ్చు. మూడూ కలిసి ఉండాలి. నాయకుడి చేతిలో ఆధారం ఏమైనా ఉందా? నెల రోజుల వాయిదా ఒక్కటే లంచానికి రుజువు కాదు. ప్రశ్నలో ఆధారం గురించి ఏమీ లేకపోతే ఈ డిఫెన్సు ఓడిపోతుందని రాయండి. ఉందని ఇస్తే మాత్రం అక్కడే ఆగి పూర్తిగా చర్చించాలి.

పదునైన మాటలన్నీ ధిక్కారమే అనుకోకుండా ఒక హైదరాబాద్ ఉదాహరణ చెబుతాను. అప్పటి కేంద్ర మంత్రి, మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జడ్జిగా పనిచేసిన పి. శివశంకర్ 1987 నవంబరు 28న హైదరాబాద్‌లో బార్ కౌన్సిల్ సభలో మాట్లాడుతూ, సుప్రీంకోర్టు ఉన్నవాళ్ల వర్గం నుంచి వచ్చినవాళ్లతో నిండి ఉందని, సంఘవ్యతిరేకులు అక్కడ ఆశ్రయం పొందుతున్నారని తీవ్రంగా అన్నారు. 1988లో పి.ఎన్. దూడా కేసులో సుప్రీంకోర్టు అది ధిక్కారం కాదని తేల్చింది. ఆ ప్రసంగం కోర్టును ఒక సంస్థగా, దాని వర్గ స్వభావాన్ని విశ్లేషించింది, న్యాయపాలనకు తక్షణ ప్రమాదం తేలేదు అన్నది కారణం. ఇలాంటి వర్గ విమర్శే చేసిన కేరళ మాజీ ముఖ్యమంత్రి నంబూద్రిపాద్‌ను 1970లో అదే కోర్టు దోషిగా నిలబెట్టింది, జరిమానాను మాత్రం వెయ్యి నుంచి యాభై రూపాయలకు తగ్గించింది. రెండు తీర్పులూ మీ జవాబులో పక్కపక్కన పెట్టండి. సంస్థ మీద విమర్శకూ, ఫలానా జడ్జి ఫలానా కేసులో డబ్బు తిన్నాడన్న నిందకూ మధ్య ఉన్న దూరం అప్పుడు బాగా కనిపిస్తుంది.

కమిషనర్ మీద పిటిషన్ షాపుల వాళ్లే వేసుకోవచ్చు. నాయకుడి మీద మాత్రం కోర్టు తనంతట తాను తీసుకోవాలి, లేదా అడ్వకేట్ జనరల్ వేయాలి, లేదా ఆయన లిఖితపూర్వక అనుమతితో వేరొకరు వేయాలి. అది కనీసం ఇద్దరు జడ్జీల బెంచి ముందుకు వెళ్తుంది. రెండిటికీ ధిక్కారం జరిగిన తేదీ నుంచి ఏడాదే గడువు.

పత్రిక సంగతి సులువు. కోర్టు విచారణ గురించి న్యాయంగా, ఖచ్చితంగా ఇచ్చిన రిపోర్టును సెక్షన్ 4 కాపాడుతుంది. ఒక పక్షం వాదన మాత్రమే వేసి రెండోదాన్ని దాచి ఉంటే ఈ రక్షణ సన్నగిల్లేది.

వచ్చే పాఠం దాకా ఈ రెండిటికీ జవాబులు రాసి ఉంచండి. ఒక అద్దెదారు మూడు నెలల్లో ఇల్లు ఖాళీ చేస్తానని కోర్టుకు అఫిడవిట్ ఇచ్చాడు, రెండో నెలలో భార్య ఆస్పత్రిలో చేరింది, గడువు దాటినా ఇల్లు వదల్లేదు, పొడిగింపు కూడా అడగలేదు. ఇంకో అద్దెదారు కోర్టులో హామీ ఏమీ ఇవ్వలేదు, రాజీ పత్రంలో ఇంటి యజమానికి మాత్రం అదే మాట ఇచ్చాడు, దాని ప్రకారం డిక్రీ అయింది, అతనూ వదల్లేదు. మొదటివాడి విషయంలో "పొడిగింపు అడగలేదు" అన్న చోట, రెండోవాడి విషయంలో "ఎవరికి మాట ఇచ్చాడు" అన్న చోట ఎక్కువసేపు ఆలోచించండి.