పాత పద్యాల పేజీని ఫోటో చూసి యూనికోడ్‌లో ఎక్కించడం ఎలా?

నల్లగొండ జిల్లాలో దేవరకొండ వైపు ఒక పెద్దాయన ఇంట్లో అట్టలు ఊడిపోయిన పాత శతకం ఉంది. పుస్తకం గడప దాటకూడదన్నది ఆ ఇంటి మాట కనుక, పేజీలను ఫోనులో ఫోటో తీసుకుని, వాటిని చూసి టైపు చేశాను. అలాంటి పని చేపట్టేవారు ఏ వరుసలో సాగాలో, ఎక్కడ ఆగి చూడాలో ఇక్కడ చెబుతాను.

మొదట ప్రతి పేజీని పగటి వెలుతురులో రెండుసార్లు ఫోటో తీయండి. ఒకటి పేజీ మొత్తానికి, రెండవది వత్తులూ సున్నలూ స్పష్టంగా కనిపించేంత దగ్గరగా ఉండాలి. టైపు చేసే ముందు కీబోర్డులో మాటలను తనంతట తాను దిద్దే సదుపాయాన్ని ఆపేయండి, లేకపోతే అది పాత రూపాలను మనకు తెలియకుండానే కొత్త రూపాలుగా మార్చేస్తుంది. డీటీపీ కేంద్రాల పాత ఫాంట్లతో టైపు చేయించవద్దు, ఎందుకంటే ఆ ఫాంటు లేని చోట పద్యం అర్థం లేని గుర్తులుగా కనిపిస్తుంది.

తరువాత పాదాలను తేల్చుకోవాలి. వృత్త పాదం పొడవైనది, పాత పుస్తకం వెడల్పు చిన్నది. అందువల్ల అచ్చు కూర్చినవారు పాదాన్ని మధ్యలో విరిచి, మిగిలిన తోకను కింది వరుసలో వేసేవారు. ఉదాహరణకు నేను కట్టిన ఈ రెండు ఉత్పలమాల పాదాలు అలాంటి పుస్తకంలో ఇలా కనిపిస్తాయి.

పల్లెల పచ్చనై మెరయు పంటల చూ-
డగ నెందరో జనుల్
మెల్లగ వచ్చి చేరిరట మేలగు బాట-
ల వెంట నాడుచున్

ఇక్కడ నాలుగు వరుసలున్నా పాదాలు రెండే. ఆ సంగతిని ప్రాస చెబుతుంది. వృత్తంలో ప్రతి పాదంలోనూ రెండవ అక్షరం ఒకే హల్లుతో ఉండాలి. మొదటి, మూడవ వరుసల్లో అది "ల్ల" కాగా, మిగిలిన రెండింటిలో "గ", "వెం" ఉన్నాయి కాబట్టి అవి తోకలు మాత్రమే. విరుపు గీతను తీసేసి కలిపితే ఇలా వస్తుంది.

పల్లెల పచ్చనై మెరయు పంటల చూడగ నెందరో జనుల్
మెల్లగ వచ్చి చేరిరట మేలగు బాటల వెంట నాడుచున్

ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, యతి 10వ అక్షరం దగ్గర ఉంటుంది. పై పాదాల్లో "ప"కు "పం", "మె"కు "మే" కుదిరాయి కనుక కలిపింది సరైనదే. పాదం చివర ఒకసారి, పద్యం చివర రెండుసార్లు ఎంటర్ నొక్కండి. వరుసలను ఖాళీలతో జరపవద్దు.

ఇక అసలు చిక్కు వలపల గిలక. పాత అచ్చులో "ధర్మము" అనే మాటలో "ర్" ముందుగా కనిపించదు. "మ" పక్కన తెలుగు తొమ్మిది అంకెలాంటి గుర్తుగా నిలుస్తుంది. దాన్ని చూసినట్లే "ధమ౯ము" అని అంకెతో టైపు చేసేవారు చాలామంది ఉన్నారు. కంటికి బాగానే ఉన్నా, "ధర్మము" అని వెతికినవారికి ఆ పద్యం ఎన్నటికీ దొరకదు. కాబట్టి పలికే వరుసలోనే ధ, ర, పొల్లు, మ, ము అని కొట్టాలి. పాత రూపమే కనిపించాలనుకుంటే పొల్లు తరువాత `U+200D` అనే కంటికి కనిపించని యూనికోడ్ అక్షరాన్ని చేర్చవచ్చు గానీ, అన్ని ఫాంట్లూ ఆ రూపాన్ని చూపవు కనుక మామూలు రూపమే మేలని నా అభిప్రాయం. ఇంచుమించు అదే గుర్తు మాట చివర కనిపిస్తే అది నకారపొల్లు కావచ్చు, అప్పుడు "వచ్చె౯" అన్నది "వచ్చెన్" అవుతుంది.

ఫోటోలో గిలక మసకబారి "ధమము" అనిపిస్తే గణం చూడండి. ఉత్పలమాల పాదం భగణంతో, అంటే ఒక గురువు, రెండు లఘువులతో మొదలవుతుంది. పాదం మొదట "ధర్మము" సరిపోతుంది, మూడు లఘువుల "ధమము" సరిపోదు. అరసున్నను నిండుసున్నగా కొట్టినా ఇలాగే బయటపడుతుంది: "కలఁగు"లో "ల" లఘువు, "కలంగు"లో గురువు. అయితే అరసున్న పూర్తిగా జారిపోయినా, బండి ఱ బదులు మామూలు ర పడినా గురులఘువులు మారవు, అందువల్ల గణాలు లెక్కించినా ఆ తప్పు తెలియదు. "ఏఁడు" అంటే సంవత్సరం, "ఏడు" అంటే సంఖ్య కాబట్టి అరసున్న, బండి ఱల కోసం దగ్గరి ఫోటోను విడిగా ఒకసారి చదవాల్సిందే.

పొల్లు తరువాత ఖాళీ లేకుండా హల్లు వస్తే మరొక జాగ్రత్త అవసరం. "చుట్టముల్‌చేరి" అని అచ్చులో ఉన్నదాన్ని మామూలుగా కొడితే "చుట్టముల్చేరి" అని వత్తు పడిపోతుంది. పొల్లుకూ "చే"కూ మధ్య `U+200C` అనే మరో కనిపించని అక్షరాన్ని ఉంచితే అచ్చులోని రూపం నిలుస్తుంది.

ఫైలును padyalu.txt పేరుతో UTF-8గా భద్రపరిచాక, కంప్యూటర్‌లో లినక్స్ ఉంటే అంకె దొర్లిన వరుసలను ఇలా వెతకవచ్చు.

```
grep -n '౯' padyalu.txt
```

వచ్చిన ప్రతి వరుసనూ ఫోటోతో పోల్చి, అది నిజంగా పద్యం సంఖ్యేనా, గిలకా, నకారపొల్లా అని చూసి దిద్దండి. అన్నింటినీ ఒక్కసారే మార్చేస్తే పద్యాల సంఖ్యలు కూడా చెడిపోతాయి.