జనవరిలో విమానం ఎక్కేవాళ్లకు: జాకెట్ తర్వాత, ముందు బనియన్ చూసుకోండి

పోయిన జనవరిలో మా వీధి అబ్బాయి ఒకడు ఎంఎస్ చదవడానికి షికాగో వెళ్లాడు. దిగిన నాలుగో రోజుకే ఎడమ కాలి రెండు వేళ్ల నిండా బొబ్బలతో హాస్పిటల్లో ఉన్నాడు. జాకెట్ లేక కాదు. తొమ్మిది వేలు పెట్టి వాళ్ల నాన్న మంచిదే కొనిచ్చాడు.

జరిగింది ఇది. రూమ్ మారుతూ రెండు పెద్ద పెట్టెలు లాక్కుంటూ మంచులో ఇరవై నిమిషాలు నడిచాడు. జాకెట్ లోపల ఒళ్లంతా చెమట. తాళం ఇవ్వాల్సిన మనిషి రాలేదు, గుమ్మం బయట ముప్పావు గంట నిలబడ్డాడు. మైనస్ 15, పైగా గాలి. లోపల కాటన్ బనియన్, దాని మీద కాటన్ షర్టు, కింద జీన్స్. పైన జాలీ ఉన్న స్పోర్ట్స్ షూలో రెండు జతల కాటన్ సాక్సులు కుక్కాడు. మంచు కరిగి జాలీలోంచి లోపలికి దిగింది. ముందు వేళ్లు మండాయి, తర్వాత నొప్పి తగ్గింది. తగ్గింది కదా, అలవాటవుతోంది అనుకున్నాడు. అప్పటికే స్పర్శ పోయింది. రూమ్‌లోకి వెళ్లగానే ఆ మొద్దుబారిన పాదాలు తీసుకెళ్లి హీటర్ మీద పెట్టాడు. చలి చెరిచింది సగం, హీటర్ కాల్చింది సగం. వేళ్లైతే దక్కాయి గానీ నెలన్నర సరిగా నడవలేదు.

ఈ జనవరి మొదటి వారంలో మా మేనల్లుడి ప్రయాణం. వాడిదీ షికాగోనే. నేను అటువైపు తొమ్మిది చలికాలాలు గడిపి వచ్చాను. టోపీ పెట్టుకో, స్వెటర్ వేసుకో అని ఇక్కడ రాయను, అది మీ అత్తయ్యలు ఎలాగూ చెబుతారు. నేను చెప్పేది ఒక్కటే. చలిలో బయటికి వెళ్లేటప్పుడు ఒంటికి తగిలే బట్ట కాటన్ కాకూడదు.

ఈ మాట మావాడికి నేను మూడుసార్లు చెప్పాను. "మామా, జాకెట్ మైనస్ ముప్పై దాకా ఆపుతుందట" అన్నాడు. మంచం మీద తెరిచిన పెట్టెలో డజను బనియన్లు, ఎనిమిది జతల సాక్సులు, ఐదు జీన్స్ ప్యాంట్లు, మూడు హుడీలు. అన్నీ కాటనే. జీన్స్ కూడా కాటనే అన్న సంగతి చాలామందికి తట్టదు.

చివరికి మా అమ్మ కలగజేసుకుంది. ఆమె సిద్దిపేట వైపు పల్లెలో గొర్లకాపరి బిడ్డ. అమెరికా చూడలేదు, మంచు చూడలేదు. తడి బట్ట సంగతి మాత్రం మాకంటే బాగా తెలుసు.

"బకెట్ల నీళ్లు తేపో బిడ్డా" అంది మనవడితో. వాడి కాటన్ సాక్సు ఒకటి, నేను దాచుకున్న ఉన్ని సాక్సు ఒకటి అందులో ముంచింది. రెండూ గట్టిగా పిండింది. ఎడమ కాలికి కాటన్‌ది, కుడి కాలికి ఉన్నిది తొడిగించి, కాళ్లు స్టూలు మీద పెట్టించి ఫ్యాను ఐదులో వేసింది.

"ఏంది అమ్మమ్మా ఇది?"

"కూసో. నోరు మూసుకొని కూసో."

పది నిమిషాలకు వాడే అన్నాడు, "ఎడమ కాలు గుంజుతోంది." కుడి కాలు ఎలా ఉందంటే, తడిగానే ఉంది, కొద్దిగా చల్లగా ఉంది, అంతే అన్నాడు. గదిలో అప్పుడు ఇరవై డిగ్రీలు ఉండొచ్చు. దాని నుంచి ముప్పై ఐదు డిగ్రీలు దింపితే మా వీధి అబ్బాయి నిలబడిన గుమ్మం.

అమ్మ బీరువా అడుగు నుంచి వాళ్ల నాయన గొంగడి తీసింది. చింతగింజల గంజి పెట్టిన పాత నల్ల గొంగడి. "మా నాయిన వానల దీన్ని కప్పుకొని గొర్లెంట నిలవడేటోడు. తడిస్తే బరువైతది గని సల్లదనం తొందరగ ఒంటికి తాకనియ్యది. పంచె తడిస్తే మాత్రం అప్పటికప్పుడు విడిచేసేటోడు. చెమ్మ పంచె కంటే ఒట్టి ఒళ్లు నయం అనేటోడు" అంది.

దాని వెనక సంగతి ఇది. మనల్ని వెచ్చగా ఉంచేది బట్ట కాదు, బట్ట పోగుల మధ్య ఇరుక్కున్న గాలి. కాటన్ తడిస్తే పోగులు మెత్తబడి ఒంటికి అంటుకుపోతాయి, గాలి ఉండాల్సిన చోట నీళ్లు చేరతాయి. నీళ్లు గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తాయి. ఉన్ని పోగుకు పుట్టుకతోనే వంకీలు ఉంటాయి, తడిసినా అవి పూర్తిగా అణగవు. పాలిస్టర్ నీళ్లు పెద్దగా పీల్చదు కాబట్టి త్వరగా ఆరుతుంది. అయినా తడి తడే. ఉన్ని వేసుకున్నా తడిసి గంటలకొద్దీ బయట నిలబడితే కాపాడదు.

చలిలో చెమట ఎక్కడిదంటారు అందరూ. బస్సు కోసం పరిగెత్తినప్పుడు వస్తుంది. పెట్టెలు మోసినప్పుడు వస్తుంది. హీటర్లు వేసిన క్లాసులో మందపాటి జాకెట్ విప్పకుండా కూర్చున్నా వస్తుంది. అక్కడినుంచి బయటికొచ్చి స్టాపులో నిలబడగానే ఆ బనియన్ మంచుగుడ్డ అవుతుంది. జాకెట్ ఎంత ఖరీదైనదైనా దాని లోపల తడిసిన కాటన్ ఉంటే డబ్బు దండగ.

ఒంటికి

మూడు వరసలు చాలు. ఒంటికి అంటి ఉండే పలచటి థర్మల్ పైన, కింద రెండూ, పాలిస్టర్ గానీ మెరినో ఉన్ని గానీ. దాని మీద ఫ్లీస్, అంటే పాలిస్టర్ బొచ్చుతో చేసిన స్వెటర్ లాంటిది. అన్నిటిపైన గాలి చొరబడని జాకెట్. పైవి రెండూ జిప్పు ఉన్నవైతే మేలు, చెమట పట్టకముందే తెరవొచ్చు. థర్మల్స్ రెండు జతలుంటే సరిపోతుంది, పాలిస్టర్‌ది రాత్రి ఉతికితే తెల్లారేసరికి ఆరుతుంది. మా గొంగడి ఉన్ని ఒంటికి గుచ్చుకుంటుంది, దాన్ని లోపల వేసుకోలేం. మెరినో మెత్తగా ఉంటుంది.

ఇక్కడే మావాడు ఇంకోసారి దొరికిపోయాడు. "థర్మల్స్ కొన్నాను కదా" అని అట్ట మీద రాసింది చూపించాడు. లోపలి లేబుల్ తిప్పితే కాటన్ 60, పాలిస్టర్ 40 అని ఉంది. మన దగ్గర ఇలాంటివే ఎక్కువ. హైదరాబాద్ చలికి బంగారం, షికాగోకి కాదు. డబ్బా మీద పేరు చదవొద్దు, లేబుల్ మీద శాతాలు చదవండి.

లేబుల్ లేని స్వెటర్ ఒకటి ఉంటే అమ్మ దాని అంచు నుంచి ఒక పోగు లాగి, స్టీలు పళ్లెం మీద పటకారుతో పట్టుకుని అగ్గిపుల్ల గీసింది. పట్టుచీర కొనేటప్పుడు ఆమె చేసే పనే ఇది. వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడి అయితే ఉన్ని. కాగితం కాలిన వాసన, మెత్తటి బూడిద అయితే కాటన్. కరిగి గట్టి పూస అయితే పాలిస్టర్ లాంటిది. ఆ పూస చల్లారేదాకా ముట్టకండి, అంటుకుని కాలుతుంది. కలిపి నేసిన వాటిలో వాసనలూ కలుస్తాయి, అప్పుడు దీన్ని నమ్మొద్దు. మావాడి స్వెటర్ పూస కట్టింది. "ఉన్ని కాదు గని ఉంచు, జల్ది ఆర్తది" అంది.

పాదాలకు

ఒక్క జత మందపాటి ఉన్ని సాక్సు. కొంచెం నైలాన్ కలిసినా పరవాలేదు, త్వరగా చిరగదు. రెండు జతలు కుక్కితే షూ బిగుసుకుని రక్తం ఆడదు, పాదం ఇంకా చల్లబడుతుంది. అందుకే సాక్సు తొడుక్కున్నాకే షూ కొలత చూడాలి. లోపల వేళ్లు ఆడాలి. అమ్మ పాత గొంగడి కత్తిరించి షూ అడుగున వేస్తానంది. వేసి చూస్తే వేళ్లు బిగిశాయి, తీసేశాం. ఆమెకు కోపం వచ్చింది, అది వేరే సంగతి.

ఈ విభాగాలు ఇక చాలు. మిగతావి గుర్తొచ్చిన వరసలో రాస్తున్నాను.

కాటన్ హుడీని ఫ్లీస్ అనుకోవద్దు. లోపల బొచ్చులా ఉన్నా లేబుల్ చూడండి.

జీన్స్ వేసుకుని మంచులో నడవొద్దు. తప్పనిసరైతే లోపల థర్మల్, ఇంటికి రాగానే విప్పడం.

గాలిని లెక్కలోకి తీసుకోండి. మైనస్ 18 ఉన్నప్పుడు గంటకు 24 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 28లా తగులుతుంది, కప్పుకోని చర్మం అరగంటలో గడ్డకట్టొచ్చు. షికాగోలో 2019 జనవరి 30న మైనస్ 31కి పడింది. అలాంటి రోజు బయటికి వెళ్లొద్దు.

వేళ్లు విడివిడిగా ఉన్న గ్లౌజుల కంటే నాలుగు వేళ్లూ కలిపి పట్టేవి వెచ్చన.

చలిలో చెవిపోగు, కడియం తీసేయండి.

మందు తాగితే వెచ్చగా అనిపిస్తుంది. ఒంట్లో వేడి చర్మం మీదికి వచ్చి బయటికి పోతుంది. తాగి చలిలో నడవొద్దు.

నొప్పి తగ్గితే భయపడండి. మన రంగు చర్మం మీద తెల్లబడటం సరిగా కనిపించదు, బూడిద రంగుగా, మైనంలా అనిపిస్తుంది. అన్నిటికంటే నమ్మదగ్గ గుర్తు స్పర్శ పోవడం.

మొద్దుబారిన చోట రుద్దొద్దు. మంచుతో అసలు రుద్దొద్దు. హీటర్ మీద పెట్టొద్దు. మళ్లీ చలిలోకి వెళ్లాల్సిన పని లేకపోతేనే గోరువెచ్చని నీళ్లలో, 37 నుంచి 39 డిగ్రీల మధ్య, ఉంచండి. వేడి ఎంతో పక్కవాళ్ల చేత్తో చూపించండి, మీ చేతికి తెలియదు. స్పర్శ వెంటనే రాకపోయినా, బొబ్బ కనిపించినా డాక్టర్.

వణికే మనిషి వణకడం ఆపి, మాట ముద్దగా వస్తుంటే అక్కడి ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చేయండి. నిద్రపోనీలే అనొద్దు.

జాకెట్, ఒక జత థర్మల్స్, ఉన్ని సాక్సులు, గ్లౌజులు చేతి సంచిలో. పెద్ద పెట్టెలో వేయొద్దు. పెట్టె మర్నాడు వస్తుంది, చలి ఎయిర్‌పోర్టు తలుపు దగ్గరే ఉంటుంది.

కాటన్ బట్టలు తీసుకెళ్లొద్దని కాదు. ఇంట్లో పడుకోవడానికి, జూన్ జూలైలకి కావాలి. బయట చలిలో ఒంటికి తగలకూడదు, అంతే. ఒంటికి తగలకూడదు.

ప్రయాణం ముందు రాత్రి పెట్టెలు తూకం వేస్తుంటే ఒకటి 23 కిలోలు దాటింది. ఏం తీయాలా అని చూస్తుంటే అమ్మ ప్రెషర్ కుక్కర్ ఎత్తి ఊపింది. చప్పుడు రాలేదు. మూత తీస్తే లోపల చుట్టచుట్టి ఆరు కాటన్ బనియన్లు. మా అక్క గోడ వైపు చూస్తోంది.

"ఎండకాలం తొడుక్కుంటడని పెట్టిన అమ్మా" అంది.

"ఎండకాలం వచ్చినంక పంపుదువు గని" అని అమ్మ ఆరూ తీసి అక్క ఒళ్లో వేసింది. కుక్కర్‌లో ఉన్ని సాక్సులు రెండు జతలు పెట్టి మూత బిగించింది.