నలభై అంశాలను రిగ్రెషన్‌తో జల్లెడ పట్టబోయే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

పీజీ థీసిస్ గడువు దగ్గరపడే నెలల్లో గణాంక విశ్లేషణ చాలాచోట్ల ఒకే తీరుగా సాగుతుంది. ఎక్సెల్ షీట్‌లో ఉన్న ప్రతి అంశాన్నీ ఫలితంతో విడివిడిగా పోల్చి, పి విలువ 0.20 కన్నా తక్కువ వచ్చినవాటిని ఏరి, వాటన్నిటినీ ఒకే రిగ్రెషన్‌లో పెట్టి, అక్కడ 0.05 లోపు నిలిచినవాటిని ‘ముఖ్య కారకాలు’ అని పట్టికలో చూపిస్తారు. ఆ పట్టికను మాత్రమే చదివేవారికి తప్పేమీ కనిపించదు, ఎందుకంటే తప్పు జరిగేది పట్టికకు ముందు, ఏరివేతలో.

ఉదాహరణకు, 200 మంది తల్లుల వివరాలు తీసుకుని, శిశువు పుట్టినప్పటి బరువుకు, హిమోగ్లోబిన్, తల్లి ఎత్తు, వంటచెరకు, తాగునీటి వనరు వంటి 40 అంశాలకు సంబంధం ఉందేమో చూస్తున్నామనుకుందాం. నిజానికి ఏ ఒక్క అంశానికీ బరువుతో సంబంధం లేకపోయినా, 0.05 గీత దగ్గర సగటున రెండు అంశాలు ‘సార్థకం’గా తేలతాయి. అంశాలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే, కనీసం ఒక్కటైనా అలా తేలే అవకాశం 1 − 0.95^40, అంటే సుమారు 87 శాతం.

ఏరిన తర్వాత మళ్లీ రిగ్రెషన్ వేయడం దీన్ని మరింత ముదురుస్తుంది. బర్కిలీలో పనిచేసిన గణాంకవేత్త డేవిడ్ ఫ్రీడ్‌మన్ 1983లో దీన్ని కృత్రిమ దత్తాంశంతో చూపించారు. ఆయన 100 వరుసలు, 50 అంశాలు, ఒక ఫలితం, అన్నీ యాదృచ్ఛిక సంఖ్యలతోనే తయారుచేశారు. మొదటిసారి మొత్తం సమీకరణానికి పి విలువ 0.53 వచ్చింది, అంటే ఏమీ లేదని సరిగానే చెప్పింది. అందులో 25 శాతం స్థాయిలో నిలిచిన 15 అంశాలను మాత్రమే ఉంచి మళ్లీ వేస్తే, మొత్తం పి విలువ 0.0005కు పడిపోయింది, ఆరు అంశాలు 5 శాతం స్థాయిలో సార్థకమయ్యాయి. రెండో రిగ్రెషన్‌కు మొదటి ఏరివేత సంగతి తెలియదు. 15 అంశాలను ముందే ఎంచుకున్నట్టుగానే లెక్క కడుతుంది. మీ దత్తాంశాన్ని తెరిచే ముందు ఈ ప్రయోగాన్ని మీరే ఒకసారి ఆర్ సాఫ్ట్‌వేర్‌లో చేసి చూడడం మంచిది.

```r
d <- data.frame(y = rnorm(100), matrix(rnorm(5000), 100))
m1 <- lm(y ~ ., data = d)
p <- summary(m1)$coefficients[-1, 4]
keep <- names(p)[p < 0.25]
m2 <- lm(reformulate(keep, "y"), data = d)
summary(m1); summary(m2)
```

రెండు ఫలితాల్లోనూ అట్టడుగున ఉండే F-statistic వరుసను పక్కపక్కన పెట్టి చూడండి. నడిపిన ప్రతిసారీ అంకెలు మారతాయి గాని, రెండోదాని పి విలువ సాధారణంగా బాగా తగ్గి ఉంటుంది.

ఇక మొదటి జాగ్రత్త ఫలితపు కాలమ్‌ను తాకకముందే తీసుకోవాలి. అసలు ఫలితం ఏది, ముందుగానే అనుమానించిన అంశాలు ఏవి, అవి కాక ఊరికే వెతికి చూడబోయేవి ఎన్ని అనే మూడు విషయాలనూ తేదీ వేసి ఒక పేజీలో రాసి గైడ్‌కు పంపండి. సాహిత్యాన్ని బట్టి హిమోగ్లోబిన్, తల్లి ఎత్తు అనే రెండింటినే ముందుగా పేర్కొన్నారనుకోండి, వాటి పరీక్ష వేరు, మిగతా 38 అంశాల వెతుకులాట వేరు. ఫలితాలు చూశాక ఒక అంశాన్ని రెండో గుంపు నుంచి మొదటి గుంపులోకి జరపడానికి వీల్లేదు.

రెండోది, పి విలువలను సవరించేటప్పుడు ఎన్ని పరీక్షలకు సవరిస్తున్నామన్నది. ఇక్కడే ఎక్కువమంది జారిపోతారు. ఆ 38 అంశాల్లో 0.05 లోపు వచ్చినవి ఆరు అనుకుందాం: 0.0004, 0.0011, 0.011, 0.019, 0.031, 0.044. బెంజమిని, హాక్‌బర్గ్ 1995లో ప్రతిపాదించిన పద్ధతిలో విలువలను చిన్నదాని నుంచి వరుసగా పేర్చి, ఒక్కొక్కదాన్ని దాని స్థానసంఖ్య × 0.05 ÷ పరీక్షల సంఖ్య అనే గీతతో పోలుస్తాం. పరీక్షలు 38 గనుక గీతలు 0.0013, 0.0026, 0.0039 అని సాగుతాయి. మొదటి రెండు అంశాలే నిలుస్తాయి. కాని ఈ ఆరింటినే కాపీ చేసి `p.adjust(p, method = "BH")`కు ఇస్తే పరీక్షలు ఆరేనని అది లెక్కిస్తుంది, గీతలు 0.0083 నుంచి మొదలవుతాయి, ఆరూ నెగ్గుతాయి. సవరణ చేశామని థీసిస్‌లో రాసుకున్నా, నిజానికి చేసిందేమీ ఉండదు. అందుకే చూసిన 38 పి విలువలనూ, పెద్దవాటితో సహా, ఇవ్వాలి.

మూడోది లెక్కకు అందని పరీక్షల సంగతి. ఒక అంశాన్ని యథాతథంగా వాడాలా లాగరిథమ్ తీసుకోవాలా, మిగతావాటికి చాలా దూరంగా ఉన్న దూరపు విలువలను తీసేయాలా ఉంచాలా, తల్లి వయస్సును సమీకరణంలో చేర్చాలా వద్దా అనే మూడు నిర్ణయాలే ఎనిమిది దారులవుతాయి. మోసం చేయాలనే ఉద్దేశం ఎవరికీ ఉండనక్కరలేదు. ఫలితం నచ్చకపోతే దూరపు విలువలను మరోసారి చూడాలనిపించడం, నచ్చితే అక్కడితో ఆగిపోవడం చాలు. ఈ దారులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి గనుక ఎనిమిదితో గుణించి సవరించడం సరికాదు. చేయదగిన పని ఏమిటంటే, నిలిచిన రెండు అంశాలకూ ఎనిమిది దారుల్లోనూ వచ్చిన గుణకాలను అనుబంధంలో ఒకే పట్టికగా ఇవ్వడం. ఒక్క దారిలో మాత్రమే నిలిచే అంశాన్ని చదివేవారే గుర్తుపడతారు. విశ్లేషణ కోడ్ ఫైల్‌లో నచ్చని మోడళ్లను చెరిపేయకుండా ఉంచితేనే ఇది సాధ్యమని వేరే చెప్పనక్కరలేదు.

గుణకం పరిమాణం విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఒక అంశం నిజంగా బరువును 40 గ్రాములు పెంచుతుందనీ, దాని ప్రామాణిక దోషం 50 గ్రాములనీ అనుకుంటే, అంచనా సుమారు 98 గ్రాములు దాటితే తప్ప అది 0.05 గీతను అందుకోదు. అంటే సార్థకమై బయటపడిన పెరుగుదల అంచనా ఏదైనా నిజానికి దాదాపు రెండున్నర రెట్లో, అంతకన్నా ఎక్కువో ఉంటుంది. వెతుకులాటలో దొరికిన గుణకాన్ని చూపి సలహాలు ఇవ్వకూడదనడానికి ఇదే కారణం. తర్వాతి అధ్యయనానికి ఎంతమంది కావాలో ఆ గుణకంతోనే లెక్కగడితే నమూనా చిన్నదైపోతుంది.

దత్తాంశాన్ని రెండు సగాలు చేసి, ఒకదానిలో ఏరి, రెండోదానిలో పరీక్షించడం శుభ్రమైన మార్గమే. అయితే 200 మందిని వందేసి చేస్తే పైన చెప్పిన 50 గ్రాముల దోషం 71 అవుతుంది, చిన్న ప్రభావాలు చేజారిపోతాయి. అటువంటప్పుడు బూట్‌స్ట్రాప్ మేలు: అదే దత్తాంశం నుంచి యాదృచ్ఛికంగా మళ్లీ మళ్లీ తీసిన ప్రతి నమూనాలోనూ ఏరివేతను మొదటినుంచి చేసి, వెయ్యిసార్లలో ఒక్కో అంశం ఎన్నిసార్లు నిలిచిందో నివేదించవచ్చు. ఏరివేత ముగిశాక మిగిలిన అంశాలపై మాత్రమే బూట్‌స్ట్రాప్ చేస్తే ఫ్రీడ్‌మన్ చూపిన దోషమే మళ్లీ వస్తుంది. ఏది చేసినా ఇది కొత్త నమూనాపై జరిపే పరీక్షకు సాటిరాదు.

నివేదికలో ఫలితాల భాగాన్ని దాదాపు ఇలా రాయవచ్చు:

“ముందుగా పేర్కొన్న రెండు అంశాల ఫలితాలు 1వ పట్టికలో ఉన్నాయి. ఇవి కాక మరో 38 అంశాలను అన్వేషణలో భాగంగా పరిశీలించాము, 0.05 లోపు పి విలువ ఆరింటికి వచ్చింది, 38 పరీక్షలకూ కలిపి సవరించాక రెండు నిలిచాయి. మొత్తం 38 గుణకాలు, 95 శాతం విశ్వాస అంతరాలు అనుబంధంలో ఉన్నాయి. ఈ రెండు సంబంధాలను ఇదే దత్తాంశంలో గుర్తించాము గనుక గుణకాలు అసలుకన్నా పెద్దవిగా ఉండవచ్చు; వేరే నమూనాలో పరీక్షించవలసి ఉంది.”

ఇందులో ‘అన్వేషణ’, ‘38’ అనే రెండూ సారాంశంలో కూడా కనిపించాలి, ఎందుకంటే చాలామంది పరీక్షకులు, పాఠకులు చదివేది అక్కడివరకే. ఇంత వివరంగా రాస్తే ఫలితాలు బలహీనంగా కనిపిస్తాయని గైడ్ అభ్యంతరం చెప్పవచ్చు. అప్పుడు సారాంశంలోని వాక్యాన్ని మార్చకుండా, 38 పి విలువల పట్టికను వైవాకు వెంట తీసుకెళ్లండి.