బర్డ్‌లో ‘ర్’ విడిగా ఉండదు, ఇలా చూసుకోండి

అమెరికన్ ఇంగ్లీష్‌లో బర్డ్, నర్స్ లాంటి మాటలు మనం ముందు ‘అ’ అనేసి ఆ తర్వాత నాలుక కొట్టి ‘ర్’ పలుకుతాం, అందుకే వాళ్ళలా రాదు. వాళ్ళకి అక్కడ అచ్చులోనే ర ధ్వని కలిసిపోయి ఉంటుంది, రెండూ ఒకే శబ్దం.

నాకు పనికొచ్చిన పద్ధతి ఇది. ‘అ’ అని 3 సెకన్లు సాగదీస్తూ, గొంతు ఆపకుండా నాలుకని మెల్లగా వెనక్కి లాగి మధ్యలో ఉబ్బించండి, కొన పైన ఎక్కడా తగలకూడదు. శబ్దం ఒక్కసారిగా మసకబారినట్టు మారుతుంది చూడండి, అదే చోటు. ఇప్పుడు నాలుకని ముందే అక్కడ పెట్టుకుని బ్, డ్ మధ్యలో ఆ ఒక్క శబ్దమే పలకండి.

సరిగ్గా వచ్చిందో లేదో తెలియాలంటే ఫోన్‌లో రికార్డ్ చేసి అచ్చు మొదటి సగం మాత్రమే కట్ చేసి వినండి, అందులోనే ర ధ్వని వినిపిస్తే వచ్చినట్టే, ఉత్త ‘అ’ వినిపిస్తే ఇంకా విడిగానే పలుకుతున్నారని.

కార్, హార్డ్ లాంటి వాటికి మాత్రం ఈ పరీక్ష పెట్టొద్దు, వాటిలో అమెరికన్లు కూడా మామూలు ‘ఆ’తోనే మొదలుపెట్టి చివర్లో ర వైపు జారతారు. ఇంగ్లండ్ బీబీసీ తరహా ఉచ్చారణ నేర్చుకునేవాళ్ళకి అసలు అవసరమే లేదు, అక్కడ బర్డ్‌లో ర పలకరు.